లెవెల్ 2140 దాటాక ఏమైంది? రిటైరైనవాళ్లు ఏ ఆట ఉంచుకోవాలి, ఏది తీసేయాలి

మా బావగారు కరెంటాఫీసులో ముప్పయ్యారేళ్లు పనిచేసి రిటైరయ్యారు. పోయిన సంక్రాంతికి వాళ్లింటికి వెళితే ఫోన్ నా ముందు పెట్టి, "బావగారూ, లెవెల్ 2140 దాటాను, మెదడుకు మంచి ఎక్సర్‌సైజు" అన్నారు. రంగురంగుల గళ్లు జతచేసి పేల్చే ఆట అది. అదే పూట మా అక్కయ్యగారు వంటింట్లోంచి మూడుసార్లు అడిగారు, బీపీ మాత్ర వేసుకున్నారా అని. మూడుసార్లూ ఆయన స్ట్రిప్పు తీసి లెక్కపెట్టుకోవాల్సి వచ్చింది.

ఆటలు వద్దని నేననను. నాకూ సుడోకు పిచ్చి ఉంది. అయితే ఏ ఆట పనికొస్తుంది, ఏది పొద్దుపుచ్చుతుంది అన్నది తేల్చుకోవడానికి ఒక పద్ధతి కావాలి. బావగారితో కలిసి మూడు నెలలు చేసిన పద్ధతి కింద రాస్తున్నాను. మీరూ అదే వరసలో చేయొచ్చు.

మొదటి వారం ఏమీ మార్చకండి, రాయండి చాలు

ఒక పాత నోటుబుక్కు తీసుకోండి. రోజూ ఏ ఆట ఎంతసేపు ఆడారో, ఆడేటప్పుడు ఎక్కడైనా ఆగి ఆలోచించాల్సి వచ్చిందో లేదో రాయండి. ఎంతసేపు అన్నది గుర్తుండదు, పైగా మనం తక్కువ చేసి చెప్పుకుంటాం. ఆండ్రాయిడ్ ఫోనైతే సెట్టింగ్స్‌లో Digital Wellbeing అని ఉంటుంది, దాంట్లో ఏ యాప్ ఎన్ని నిమిషాలు వాడారో కనిపిస్తుంది. ఆ అంకెనే రాయండి.

బావగారు "ఏదో ఒక గంట" అన్నారు. వారం తిరిగేసరికి సగటున రోజుకు 3 గంటల 40 నిమిషాలు తేలింది. అందులో రెండు గంటల పైన ఆ గళ్లు పేల్చే ఆటే. మిగతాది ఫోన్‌లో సుడోకు, నెలనెలా డబ్బు కట్ అయ్యే ఒక 'బ్రెయిన్ ట్రైనింగ్' యాప్, వాట్సాప్ గ్రూపులో వచ్చే బొమ్మల లెక్కలు.

వాట్సాప్ లెక్కల సంగతి ఇక్కడే తేల్చేద్దాం. మూడు మామిడిపళ్లు కలిపితే 30, మామిడిపండుకు రెండు అరటి అత్తాలు కలిపితే 18 అని ఉంటుంది. చివరి వరసలో అత్తంలో ఒక పండు తక్కువ గీసి మోసం చేస్తారు. అది కంటికి పెట్టిన వల, బుర్రకు పెట్టిన పని కాదు. బ్రాకెట్లు సరిగ్గా పెట్టని లెక్కలైతే ఇంకా ఘోరం. జవాబు 1 అని సగం మంది, 16 అని సగం మంది రాత్రి పదింటిదాకా కొట్టుకుంటారు. లెక్క రాసినవాడే సరిగా రాయలేదు. సరదాకి ఒకటి చూడండి, వాదనలోకి మాత్రం దిగకండి.

ఒక్కో ఆటనూ మూడు ప్రశ్నలు అడగండి

వారం పూర్తయ్యాక నోటుబుక్కు ముందు పెట్టుకుని కూర్చోండి.

మొదటి ప్రశ్న: ఈ వారంలో ఈ ఆట నన్ను ఎక్కడైనా ఇరికించిందా? ఇరుక్కోవడం అంటే టైము అయిపోయి ఓడిపోవడం కాదు. 'ఇక్కడ ఏం చేయాలి' అని చెయ్యి ఆగిపోవడం. చెయ్యి ఆగకుండా టీవీ సీరియల్ చూస్తూ ఆడగలుగుతున్నారంటే ఆ ఆట ఇక మీకు అలవాటు, అంతే.

రెండోది: జవాబు నాలోంచి వస్తోందా, తెర మీదున్న వాటిల్లోంచి ఏరుకుంటున్నానా? నాలుగు ఆప్షన్లలో ఒకటి నొక్కడం వేరు, ఖాళీ గడిలో మాట రాయడం వేరు. రెండోదానికి మెదడు వెతికి తేవాలి. మనకు వయసు మీదపడ్డాక మొదట బద్ధకించేది ఈ వెతికి తేవడమే. "అదేనయ్యా, మొన్న వచ్చాడే, పేరు నోట్లోనే ఉంది" అంటాం చూడండి, అదే.

మూడోది: ఈ ఆట తనంతట తాను అయిపోతుందా? సుడోకు ఒకటి నింపితే అయిపోతుంది. పేపర్లో గళ్ల నుడికట్టు ఒకటే ఉంటుంది. గళ్లు పేల్చే ఆటకు చివర అంటూ లేదు. ఓడిపోబోతుంటే ప్రకటన చూస్తే ఇంకో ప్రాణం ఇస్తుంది, ఐదు గంటలు తెరవకపోతే 'మీ బహుమతి ఎదురుచూస్తోంది' అని పిలుస్తుంది. వెయ్యో లెవెలుకు, రెండువేలో లెవెలుకు తేడా ఏమిటని అడిగితే బావగారు కాసేపు ఆలోచించి, "రంగులు మారతాయి" అన్నారు.

మూడింటికీ 'అవును' వచ్చిన ఆట ఉంచుకోండి. రెండింటికి వస్తే బాగుచేసుకోవచ్చు, ఎలాగో కింద చెబుతాను. అంతకంటే తక్కువైతే అది కాలక్షేపం. కాలక్షేపం నేరమేం కాదు, రోజుకు ఇరవై నిమిషాలు పెట్టుకోండి. మెదడుకు మందు అని మాత్రం పేరు పెట్టకండి.

డబ్బు కట్టే యాప్ సంగతి

ఇక్కడ కొంచెం ఆగాలి. బావగారికి ఆ యాప్ మీద గట్టి నమ్మకం. స్కోరు 410 నుంచి 780కి పెరిగిందని గ్రాఫు చూపించారు. స్కోరు పెరిగింది, నిజమే. ఆ ఆట ఆడటంలో ఆయన చేయి తిరిగింది. అడగాల్సింది, ఆ చేయి తిరగడం మాత్ర గుర్తుపెట్టుకోవడానికి పనికొచ్చిందా అని.

బీబీసీ వాళ్లతో కలిసి బ్రిటన్ శాస్త్రవేత్తలు సరిగ్గా ఇదే పరీక్షించి 2010లో ఫలితాలు ప్రకటించారు. 11,430 మంది ఆరు వారాలపాటు ఆన్‌లైన్‌లో మెదడు ఆటలు ఆడారు. ఆడిన ఆటల్లో అందరూ మెరుగయ్యారు. ఆడని పరీక్షలకు వచ్చేసరికి, ఆడిన వాటికి దగ్గరి పోలికలు ఉన్నవాటిలో కూడా, ఆ మెరుగు కనిపించలేదు. ఈత నేర్చుకుంటే సైకిలు రాదు కదా, అలాగన్నమాట. 2016లో అమెరికాలో లుమోసిటీ అనే పేరున్న యాప్ కంపెనీ, తమ ఆటలు వయసుతో వచ్చే మతిమరపును ఆపుతాయన్నట్టు ప్రకటనలిచ్చి, దానికి తగ్గ ఆధారాలు చూపలేక 20 లక్షల డాలర్లు కట్టి అక్కడి ప్రభుత్వ సంస్థతో కేసు పరిష్కరించుకుంది.

అలాగని అన్నీ దండగ అని కొట్టెయ్యలేం. అమెరికాలోనే 'యాక్టివ్' అనే పెద్ద అధ్యయనంలో 65 ఏళ్లు దాటిన 2,800 మందికి పైగా పాల్గొన్నారు. వాళ్లను గుంపులుగా విడగొట్టి ఒకరికి జ్ఞాపకశక్తి చిట్కాలు, ఒకరికి తర్కం, ఒకరికి చూపు వేగం నేర్పారు. గంట పైచిలుకు క్లాసులు పది, ఐదారు వారాల్లో. ఎవరికి ఏది నేర్పారో వాళ్లు అందులోనే మెరుగయ్యారు. తర్కం, వేగం నేర్చుకున్నవాళ్లకు ఆ మెరుగు పదేళ్ల తర్వాత కూడా కొంత మిగిలింది. జ్ఞాపకశక్తి గుంపుకు మిగల్లేదు. ఇందులో నాకు నచ్చిన సంగతి ఏమిటంటే, వాళ్లు ఏళ్ల తరబడి రోజుకు మూడు గంటలు ఆడలేదు. దగ్గర కూర్చోబెట్టి, పద్ధతి నేర్పి, వచ్చేకొద్దీ కష్టం పెంచారు.

కాబట్టి యాప్‌కు డబ్బు కట్టే ముందు ఒకటే చూడండి: మీకు ఏ పని కష్టమవుతోందో ఆ పనే అందులో ఉందా? పేర్లు మర్చిపోతున్నవాళ్లకు ఎగిరే పక్షుల్ని లెక్కపెట్టే ఆట ఎందుకు? బావగారు ఆ నెలాఖరుకు చందా ఆపేశారు. ఒక చిన్న హెచ్చరిక, యాప్ తీసేస్తే చందా ఆగదు. ప్లే స్టోర్‌లో మీ బొమ్మ మీద నొక్కి, Payments & subscriptions లోకి వెళ్లి అక్కడ రద్దు చేయాలి. బావగారు ముందు యాప్ తీసేసి ఊరుకున్నారు, ఇంకో నెల డబ్బు పోయింది.

సుడోకును బాగుచేసుకోవడం

సుడోకు మంచి ఆటే. ఫోన్‌లో ఆడే తీరు దాన్ని పాడుచేస్తుంది. తప్పు అంకె వేస్తే ఎర్రగా మారుతుంది, 'హింట్' నొక్కితే జవాబు వస్తుంది, ఏ గడిలో ఏయే అంకెలు పట్టొచ్చో యాపే చిన్న అక్షరాలతో నింపేస్తుంది. ఈ మూడూ ఉంటే మీరు చేసేది తర్కం కాదు, తాళంచెవుల గుత్తి పట్టుకుని ఒక్కొక్కటీ పెట్టి చూడటం. యాప్ సెట్టింగ్స్‌లో మూడూ ఆపేయండి. అంతకంటే సుఖం, పేపర్లో వచ్చేది పెన్సిల్‌తో చేయండి. పెన్ను వద్దు, కొట్టివేతల్లో గళ్లు కనిపించవు.

కొత్తవాళ్లు ఇక్కడ మొదలుపెట్టండి. పై మూడు పెద్ద చదరాలు చూడండి. ఎడమ చదరంలో మొదటి అడ్డువరసలో 7 ఉంది. మధ్య చదరంలో రెండో అడ్డువరసలో 7 ఉంది. అంటే కుడి చదరంలో 7 మూడో వరసలోనే రావాలి. అక్కడ మూడు గళ్లు. ఒకదాంట్లో 4 ఉంది, అది పోయింది. ఇంకో గడి నుంచి కిందికి చూస్తే ఆ నిలువు వరసలో ఎక్కడో 7 ఉంది, అదీ పోయింది. మిగిలిన గడిలో 7 రాసేయండి. ఇలా 1 నుంచి 9 వరకు ఒక్కో అంకెకూ తిరిగితే సులువు సుడోకులు చాలావరకు అయిపోతాయి.

నెల రోజుల్లో ఇది చేతికి వచ్చేస్తుంది, అప్పుడు చెయ్యి ఆగదు. బావగారు సరిగ్గా ఇక్కడే రెండేళ్లుగా ఉండిపోయారు. 'ఈజీ' లెవెలు రోజుకు ఆరు చేస్తూ. తర్వాతి మెట్టు ఇలా ఉంటుంది. ఒక అడ్డువరసలో రెండు గళ్లున్నాయి, రెండింట్లోనూ 3 గానీ 8 గానీ తప్ప ఇంకేదీ పట్టదు. ఏది ఎక్కడో మీకు తెలియదు. తెలియకపోయినా ఒక సంగతి తేలిపోయింది, ఆ వరసలో 3, 8 ఆ రెండు గళ్లకే రిజర్వు. కాబట్టి అదే వరసలో 3 లేదా 5 అనుకుంటున్న మరో గడి ఉంటే, అది 5. ఏమీ తెలియని చోటునుంచి తెలిసిన అంకె పుట్టింది చూశారా. ఈ మెట్టు పేపరు మీద చూపించినప్పుడు బావగారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. ఆ రోజు ఒకే సుడోకు మీద యాభై నిమిషాలు కూర్చున్నారు.

నేను పాటించే కొలత ఇది. పది నిమిషాల్లో ఆగకుండా అయిపోతే నాకది సులువు, పై లెవెలుకు వెళ్తాను. నలభై నిమిషాలకు ఒక్క అంకె కూడా కదలకపోతే అది నా స్థాయి కాదు, పక్కన పెట్టి సాయంత్రం చూస్తాను. రోజుకు ఒకటి చాలు. పై లెవెళ్లు కూడా విసుగొస్తే 'కిల్లర్ సుడోకు' అని ఉంటుంది, చుక్కల గీతల లోపలి గళ్ల మొత్తం ఇస్తారు. రెండు గళ్ల మొత్తం 17 అంటే 8, 9 తప్ప దారిలేదు. మూడు గళ్ల మొత్తం 7 అంటే 1, 2, 4 మాత్రమే. అకౌంట్సులో పనిచేసినవాళ్లకు ఇది బాగా పడుతుంది.

గళ్ల నుడికట్టు: నా ఓటు దీనికే

ఒక్క ఆటే ఎంచుకోమంటే ఇదే చెబుతాను. తిరగబడ్డ ఆధారాలు ఉండే నుడికట్టు అయితే మరీ మంచిది. ఎందుకో ఒక ఆధారం చేసి చూపిస్తాను.

'తిరగబడ్డ తీగ మెడ మీద ఉంటుంది (2).'

తీగకు ఇంకో మాట వెతకాలి. వల్లి, లత. రెండూ రెండక్షరాలే. రెంటినీ మనసులో పట్టుకుని తిప్పాలి. వల్లి తిప్పితే 'ల్లివ', అది మాట కాదు. లత తిప్పితే 'తల'. మెడ మీద ఉండేది అదే. ఇంత చిన్న ఆధారంలో మాట వెతకడం, దాన్ని పట్టుకుని ఉండటం, తిప్పడం, అర్థంతో సరిచూడటం, నాలుగు పనులు జరిగాయి. పైన చెప్పిన మూడు ప్రశ్నలకూ ఇది నిలబడుతుంది.

ఈ ఆట మీద 2022లో వచ్చిన ఒక పరీక్ష చెప్పుకోదగ్గది. అమెరికాలో మతిమరపు స్వల్పంగా మొదలైన 107 మందిని తీసుకుని, సగం మందికి కంప్యూటర్ మెదడు ఆటలు, సగం మందికి గళ్ల నుడికట్టు ఇచ్చారు. మొదటి 12 వారాలు వారానికి నాలుగుసార్లు, ఒక్కోసారి అరగంట. ఆ తర్వాత అప్పుడప్పుడు. 78 వారాలకు చూస్తే నుడికట్టు చేసినవాళ్లే కొద్దిగా మెరుగ్గా ఉన్నారు. అసలు ఏమీ ఆడని గుంపు ఆ పరీక్షలో లేదు కాబట్టి నుడికట్టు మతిమరపును ఆపుతుందని దీన్నిబట్టి అనలేం. ఖరీదైన ఆట కంటే ఇది తీసిపోదు అని మాత్రం అనొచ్చు. వాళ్లకు ఇచ్చినవి మరీ సులువు నుడికట్లు కావు, ఒక మాదిరి కష్టమైనవి.

చేసే పద్ధతి చెబుతాను. మొదటి దఫా అడ్డం, నిలువు ఆధారాలన్నీ ఒకసారి చదువుతూ తెలిసినవి నింపండి. ఇరుక్కున్నచోట ఫోన్‌లో వెతకకండి, పేపరు పక్కన పెట్టి వేరే పని చూసుకోండి. మధ్యాహ్నం మళ్లీ కూర్చుంటే పొద్దున రాని మాటలు రెండు మూడు వస్తాయి. ఇలా మళ్లీ మళ్లీ వెతకడంలోనే ఉంది అసలు పని. మర్నాటి జవాబులు చూసుకున్నాక, రాని మాటలు నోటుబుక్కులో రాసుకుని వారం తర్వాత మీ అంతట మీరు వాటికి ఆధారాలు తయారుచేయండి. నింపడం కంటే తయారుచేయడం పదింతలు కష్టం. బావగారు మూడో నెలలో ఒకటి తయారుచేసి నాకు పంపారు: 'దినపత్రిక మొదట్లోనే తిరగబడి పారుతోంది (2).' నాకు ఐదు నిమిషాలు పట్టింది. దిన, నది.

మనుషులతో ఆడేవి

ఎదుట మనిషి ఉన్న ఆటలో ఒక సుఖముంది, కష్టం దానంతటదే పెరుగుతుంది. ఎదుటివాళ్లు కూడా నేర్చుకుంటుంటారు కదా.

వామనగుంటలు చాలామంది ఇళ్లలో అటక మీద ఉండే ఉంటుంది. లేకపోతే నేల మీద సుద్దతో అటు ఏడు, ఇటు ఏడు గీసుకుని చింతపిక్కలతో ఆడొచ్చు. ఊరికే పంచుకుంటూ పోతే అది కాలక్షేపం. పిక్కలు చేతిలోకి తీసుకునే ముందే, చివరి పిక్క ఏ గుంటలో పడుతుందో పైకి చెప్పి ఆడండి. తప్పితే ఎదుటివాళ్లకు ఒక పిక్క. మొదటి రోజు మా అక్కయ్యగారే గెలిచారు, మర్నాడూ ఆవిడే.

పులిజూదమైతే మూడు పులులు, పదిహేను మేకలు. మేకల పక్షం తీసుకోండి, అది కష్టం. పులి దూకడానికి వీల్లేకుండా మేక వెనక మేకను పెట్టుకుంటూ, రెండు ఎత్తుల ముందు చూడాలి.

పేకాట ఇంట్లో, డబ్బు లేకుండా అయితే మంచిదే. మీ వంతు వచ్చేముందు ఒక్క క్షణం ఆగి, మీ తర్వాత ఆడేవాళ్లు ఇప్పటిదాకా ఏ ముక్కలు ఎత్తుకున్నారో మనసులో చెప్పుకోండి. అది లేకుండా ఆడితే చేతికొచ్చిన ముక్కల అదృష్టమే. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడేవాటి జోలికి వెళ్లకండి. 2025 ఆగస్టులో పార్లమెంటు వాటిని నిషేధిస్తూ చట్టం చేసింది. అయినా వాట్సాప్‌లో 'రిటైరైనవారికి స్పెషల్ బోనస్' అని లింకులు వస్తూనే ఉంటాయి. లింకు నొక్కితే పోయేది గ్రాట్యుటీ.

ఏ సామానూ అక్కర్లేని ఆట ఇంకోటి. అవధానంలో నిషిద్ధాక్షరి అని ఉంటుంది, అవధాని ఒక్కో అక్షరం చెబుతుంటే తర్వాత ఏ అక్షరం వాడకూడదో పృచ్ఛకుడు అడ్డం పెడుతుంటాడు. అంత మనవల్ల కాదు. ఇంటి మట్టుకు సులువుగా ఒకే అక్షరం నిషేధించుకోండి. 'ప' గుణింతం రాకుండా వంకాయ కూర ఎలా చేయాలో ఒక నిమిషం చెప్పాలి. ఉప్పు పోయింది, పసుపు పోయింది, ఉల్లిపాయ పోయింది, పోపు పోయింది. తాలింపు అందామంటే అందులోనూ 'పు' ఉంది. మా అక్కయ్యగారు "తిరగమోత" అనేశారు. ఉల్లిపాయకు అనంతపురం నుంచి వచ్చిన పక్కింటావిడ "ఎర్రగడ్డ" అని అందించింది. ఉప్పు దగ్గర బావగారు పావు నిమిషం నోరు తెరిచి ఉండిపోయి "లవణం" అన్నారు. అలవాటైన మాటను ఆపి ఇంకో మాట తేవడం ఎంత కష్టమో ఒకసారి ఆడితే తెలుస్తుంది.

గుర్తు పెట్టుకోవాల్సినవి ఆటలో కాదు, పనిలోనే

మాత్రలు, పేర్లు, సామాన్లు గుర్తుండాలంటే వాటితోనే సాధన చేయాలి. సామాన్ల చీటీ రాయండి, జేబులో పెట్టుకోండి. షాపులో చీటీ తీయకుండా గుర్తున్నవన్నీ చెప్పండి, ఆ తర్వాత చీటీ తీసి మిగిలినవి తీసుకోండి. ఎన్ని గుర్తొచ్చాయో చీటీ వెనక రాయండి. బావగారికి మొదటిసారి పదింట్లో నాలుగు వచ్చాయి, రెండో నెలలో ఏడెనిమిది.

కొత్త పేరు విన్నప్పుడు ఒక నిమిషం తర్వాత ఒకసారి, ఐదు నిమిషాల తర్వాత ఒకసారి, పడుకునే ముందు ఒకసారి, మర్నాడు ఒకసారి మీ అంతట మీరు గుర్తు తెచ్చుకోండి. పదిసార్లు జపం చేయడం కంటే ఇలా ఎడం పెంచుతూ నాలుగుసార్లు వెతికి తెచ్చుకోవడం బాగా నిలుస్తుంది.

మాత్రలకు మాత్రం ఏ సాధనా వద్దు. ఏడు రోజుల గడులున్న డబ్బా మందుల షాపులో దొరుకుతుంది. ఆదివారం నింపండి. వేసుకున్నారో లేదో గడి చెబుతుంది. ప్రాణం మీదికొచ్చే విషయాల్లో బుర్రను పరీక్షించకూడదు.

ఆరు వారాలకోసారి నోటుబుక్కు తెరవండి. ఆట స్కోర్లు వదిలేసి, చీటీ వెనక అంకెలు, 'మాత్ర వేసుకున్నానా' అని వారంలో ఎన్నిసార్లు అనుమానం వచ్చింది, ఎన్ని పేర్లు నోట్లో ఆగిపోయాయి, వీటిని చూడండి. ఇవేవీ కదలకుండా ఆట స్కోరు ఒక్కటే పెరుగుతుంటే ఆట మార్చండి.

ఒకటి గమనించుకోవాలి. పేరు గుర్తురాక అరగంటకు రావడం వయసు. ఇరవై ఏళ్లుగా నడిచే దారిలో ఇల్లు తప్పడం, కట్టిన బిల్లే మళ్లీ కట్టడం, అడిగిన ప్రశ్నే పది నిమిషాల్లో మళ్లీ అడగడం, రోజూ పెట్టే కాఫీ వరస మర్చిపోవడం వయసు కాదు. అప్పుడు ఏ పజిలూ చేయకండి, డాక్టరు దగ్గరికి వెళ్లండి. బి12 తక్కువైనా, థైరాయిడ్ తేడా వచ్చినా, నిద్రమాత్రల వల్లా, మనసు బాగోకపోయినా, చెవి సరిగా వినపడకపోయినా ఇలా కనిపించొచ్చు. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది.

మిగిలిన గంటల్ని ఏం చేయాలి

రోజుకు ఒక సుడోకు, ఒక నుడికట్టు, సాయంత్రం ఒక ఆట. గంటన్నర కూడా పట్టదు. బావగారికి రెండు గంటలు మిగిలిపోయాయి, చేతులు ఫోన్ వైపు పోతున్నాయి. గళ్లు పేల్చే ఆటకు Digital Wellbeing లోనే 20 నిమిషాల టైమర్ పెట్టాం. ఆ ఆట నోటిఫికేషన్లు ఆపేశాం. రెండ్రోజులు చిరాకు పడ్డారు.

ఆ ఖాళీలోకి కొత్త విద్య ఏదైనా రావాలి. 2014లో అమెరికాలో వెలువడిన ఒక పరీక్షలో 60 దాటినవాళ్లకు వారానికి పదిహేను గంటల చొప్పున మూడు నెలలు డిజిటల్ ఫొటోగ్రఫీ, బొంతలు కుట్టడం నేర్పారు. వాళ్లకు జ్ఞాపకశక్తి పరీక్షల్లో మెరుగు కనిపించింది. కలిసి కబుర్లు, షికార్లతో గడిపిన గుంపుకూ, ఇంట్లో తేలిక పజిళ్లు, పాటలతో గడిపిన గుంపుకూ అంత రాలేదు. రానిదాన్ని నేర్చుకోవడానికి పట్టే కష్టం తేలిక పజిల్‌లో ఉండదు.

ఏం నేర్చుకోవాలన్నది మీ అవసరాన్ని బట్టి చూసుకోండి. బావగారి అబ్బాయి బెంగళూరులో ఉంటాడు. కన్నడ నేర్చుకోండి అన్నాను. లిపి సగం మన అక్షరాల్లాగే ఉంటుంది కాబట్టి మొదటి వారం ఉత్సాహంగా సాగింది. తర్వాత మాటల దగ్గర ఇరుక్కున్నారు. పదో రోజు పొద్దున్నే ఫోను. "బావగారూ, మన 'ప' వాళ్లకు 'హ' అయిపోతోంది. పాలు హాలు, పులి హులి, పువ్వు హూవు. మరి పండు?" అన్నారు. హండు అనుకున్నాను. "కాదు, హణ్ణు" అని నవ్వారు. అప్పటినుంచి నోటుబుక్కు వెనకవైపు రెండు గీతలు కొట్టి ఒకవైపు తెలుగు, ఒకవైపు కన్నడ రాస్తున్నారు. ఈ రూలుకు లొంగని మాటలకు పక్కన ఎర్ర చుక్క.

పోయిన నెల బెంగళూరు వెళ్లారు. బస్టాపులో బోర్డు చదివి మనవరాలికి వినిపించారట. రెండక్షరాలు తప్పుపోయాయని ఆ పిల్ల దిద్దిందట. లెవెల్ 2140 ఏమైందని నేనడిగితే, ఆ ఆట మొదటి పేజీ ఎక్కడుందో ఫోన్‌లో కాసేపు వెతుక్కున్నారు.